కొంగ బొమ్మ ఉంటే ఇంగ్లండు సైకిలేనా?

పాత నల్ల సైకిల్ అమ్మేవాళ్ల దగ్గర తరచుగా వినిపించే మాట ఒకటుంది. “ఇది ఒరిజినల్ ఇంగ్లండు ర్యాలీ అండీ, మా తాతగారిది.” తాతగారిది అనే మాట చాలాసార్లు నిజమే. ఇంగ్లండు అనేదే తేల్చుకోవాలి, ఎందుకంటే ధర అంతా ఆ ఒక్క మాట మీద నిలబడుతుంది.

ర్యాలీ కంపెనీ సొంతూరు నాటింగ్‌హామ్. కానీ 1950ల నుంచి అదే పేరుతో, అదే కొంగ గుర్తుతో మన దేశంలోనే, బెంగాల్‌లోని ఆసన్‌సోల్ దగ్గర సెన్-ర్యాలీ కంపెనీ సైకిళ్లు తయారుచేసింది. 1980లో ప్రభుత్వం ఆ కంపెనీని తీసుకుంది. ఇటు మద్రాసు పక్కన అంబత్తూరులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్ హెర్క్యులిస్, ఫిలిప్స్, తర్వాతి కాలంలో బీఎస్‌ఏ సైకిళ్లను ఇక్కడే చేసింది. మన ఊళ్లలో ఇంగ్లీషు పేర్లతో తిరిగిన సైకిళ్లలో చాలావాటి పుట్టిల్లు ఈ రెండు చోట్లే. అందుకే “1970లో కొత్తది కొన్నాం, ఇంగ్లండు నుంచి వచ్చింది” అని ఎవరైనా అంటే అక్కడే ఆగి ఆలోచించాలి. అప్పటికి మన అంగట్లో దొరికేవి ఇక్కడ తయారైనవే.

ఈమధ్య ఒక స్నేహితుడు కొనబోతున్న సైకిల్ చూడటానికి తెనాలి వెళ్లాం. 1948 నాటి నాటింగ్‌హామ్ ర్యాలీ అని, ఇరవై రెండు వేలు అని చెప్పారు. నేను ముందు స్టిక్కర్ల జోలికి పోను. మార్చడానికి ఏది కష్టమో దానితో మొదలుపెట్టి, ఏది తేలికో దాన్ని చివర్లో చూస్తాను. ఫ్రేము మార్చలేరు. ఫోర్కు మార్చడం పెద్ద పని. చైన్‌వీల్ ఒక్క కాటర్ పిన్ను కొడితే ఊడి వస్తుంది. బ్యాడ్జి, స్టిక్కర్లు ఇవాళ ఆర్డరిస్తే వారంలో ఇంటికొస్తాయి.

ఫ్రేము పక్కనుంచి చూస్తే సీటు గొట్టం బాగా వెనక్కి వాలి ఉంది, చక్రాలు 28 అంగుళాలవి, బ్రేకులు రాడ్లవి. ఇదంతా బరువు మోసే పాతకాలపు రోడ్‌స్టర్ లక్షణం. అయితే ఈ ఆకారాన్ని అట్లాస్, హీరో, ఏవన్ అన్నీ అనుసరించాయి కాబట్టి, ఇది ఏ రకం సైకిలో చెబుతుందే కానీ ఎవరిదో చెప్పదు. ఫోర్కు కొన్నిసార్లు చెబుతుంది. హంబర్ ఫోర్కుకు ఒక్కో వైపు రెండేసి సన్నని గొట్టాలుంటాయి, దాన్ని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. ఇక్కడ అటొకటి ఇటొకటే ఉన్నాయి, కనుక హంబర్ కాదు.

చైన్‌వీల్‌లో మూడు కొంగ తలలు కోసి ఉన్నాయి. అమ్మే ఆయన వాటినే పెద్ద సాక్ష్యంగా చూపించారు. రడ్జ్‌కు అరచేయి, హంబర్‌కు మనుషుల బొమ్మలు, ర్యాలీకి కొంగలు అన్నది నిజమే. కానీ ఆ కొంగలు కుటుంబాన్ని చెబుతాయి తప్ప ఊరిని చెప్పవు. పైగా ఇంకో సైకిల్ నుంచి తెచ్చి బిగించినా అంతే చక్కగా తిరుగుతాయి.

తర్వాత ముందు గొట్టం మీది బ్యాడ్జి చూశాం. కొత్త ఇత్తడిలా మెరుస్తోంది, జిగురుతో అంటించారు. పాత బ్యాడ్జీలను రివిట్లతో కొట్టేవారు. దీని అంచు కింద పాత రివిట్ రంధ్రం ఒకటి సగం బయటికి కనిపిస్తోంది. అంటే ఈ బ్యాడ్జి ఈ ఫ్రేముతో పుట్టింది కాదు. ఇక సీటు గొట్టం మీది స్టిక్కర్ అంచును గోటితో తడిమితే గోరు తట్టుకుంది. పాతకాలపు ట్రాన్స్‌ఫర్ అక్షరాలు అలా తగలవు, పెయింటులో కలిసిపోయినట్టుంటాయి, వయసుతో సన్నగా పగుళ్లిచ్చి పసుపు తిరుగుతాయి. ఈ కొత్త స్టిక్కర్ కింద పాత అక్షరాలు కొద్దిగా పెద్దవి. అడుగున బంగారు రంగులో ‘ఇండియా’ అన్న ముక్క చివర మిగిలిపోయి కనిపించింది. నాటింగ్‌హామ్ మాట అక్కడితో తేలిపోయింది. ఇది ఆసన్‌సోల్ ఫ్రేము.

అంతమాత్రాన దాన్ని తీసిపారేయనక్కర్లేదు. నాకు ఆ సైకిల్లో బాగా నచ్చింది వెనక చక్రం. మధ్యలో లావుపాటి హబ్, దానికి నూనె పోసే చిన్న మూత, పైన స్టర్మీ-ఆర్చర్ అన్న పేరు, ఏడబ్ల్యూ అన్న అక్షరాలు, పక్కన 52. లోపలే మూడు గేర్లుండే ఇంగ్లండు హబ్ అది. ఆ అంకె తయారైన సంవత్సరం, 1952. హబ్ తారీఖును సైకిల్ తారీఖుగా తీసుకోకూడదు, చక్రాలు మారుతుంటాయి. అయినా 1948 అన్న కథకు ఇది కూడా అడ్డమే. గేరు కేబుల్ తెగిపోయి ఉంది. ఈ హబ్‌కు కేబుల్ వదులైతే పెద్ద గేరులోనే ఉండిపోతుంది, తొక్కితే బరువుగా ఉంటుంది. అది చూసి హబ్ పాడైందనుకునేవాళ్లున్నారు. వెనక వైపు బయటికొచ్చే సన్నని గొలుసును వేలితో మెల్లగా లాగుతూ పెడల్ తిప్పితే మిగతా రెండు గేర్లూ పడ్డాయి. లోపల బాగానే ఉందన్నమాట.

ఒక్క పరీక్ష మాత్రం ఏ పాత సైకిల్‌కైనా మానకూడదు. ఎదురుగా ఎక్కడో గుద్దుకున్న ఫ్రేముకు, ముందు జాయింటు కింద రెండు గొట్టాల అడుగున పెయింటు ముడత పడుతుంది, వేలికి చిన్న గుబ్బలా తగులుతుంది. ఫోర్కు వెనక్కి నొక్కుకుపోయి ముందు చక్రం కింది గొట్టానికి దగ్గరవుతుంది. ఆ గుర్తులుంటే పేరు ఏదైనా నేను కొనమని చెప్పను. దీనికి అవి లేవు.

ధర ఇలా కట్టాం. నడిచే స్థితిలో ఉన్న మామూలు పాత నల్ల సైకిల్‌కు మా వైపు రెండున్నర వేలు ఇవ్వొచ్చు. వంకర లేని సెన్-ర్యాలీ ఫ్రేము, కొంగల చైన్‌వీల్ కలిసి ఉన్నందుకు ఇంకో పదిహేను వందలు. పనిచేసే హబ్‌కు మూడు వేలు. మొత్తం ఏడు వేలు. అందులోంచి టైర్లు, ట్యూబులకు పదకొండు వందలు, గేరు లీవరూ కేబులూ వెతికి పెట్టడానికి ఆరేడు వందలు తీసేయాలి. సీటు కొత్త రెక్సిన్‌ది కనుక దానికి కలిపేదీ లేదు, తీసేదీ లేదు. ఐదు వేల పైచిలుకు తేలింది. నాటింగ్‌హామ్ అని రుజువై, పెయింటు, బ్యాడ్జి, తోలు సీటు పాతవే ఉంటే ఆయన అడిగిన ధర నాకు అన్యాయంగా తోచేది కాదు. ఈ అంకెలు మా వైపు అంగడివి. హైదరాబాద్‌లో సేకరించేవాళ్ల మధ్య హబ్ ఒక్కటే ఇంకా పలకొచ్చు.

స్టిక్కర్ కింది అక్షరాలు చూపించినప్పుడు ఆయన కూడా ఆశ్చర్యపోయారు. ఆయన కొన్ననాడే అవి అంటించి ఉన్నాయట. “అయితే మీరే చెప్పండి బాబూ” అన్నారు. ఐదున్నర వేలకు బేరం కుదిరింది.

మీ ఇంటి వసారాలో ఇలాంటి సైకిల్ ఉండి అమ్మాలనుకుంటే, దయచేసి ముందుగా పెయింటు వేయించకండి. పొడి గుడ్డతో దుమ్ము తుడిచి, బ్యాడ్జినీ పాత అక్షరాలనూ అలాగే వదిలేయండి. తుప్పు పట్టిన అసలు పెయింటుకు వచ్చే ధర, తళతళలాడే కొత్త పెయింటుకు రాదు.