చెదిరిన పాఠానికి వరుస

ఆకివీడులో కొల్లేరు పాఠానికి నోట్సు రాసేవారి పనితనం చూడాలి. మాస్టారి పాఠం రికార్డింగు నుంచి దించిన రాతలో ఉప్పుటేరు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి వస్తుంది. చేయి తిరిగినవారు ఆ రెంటినీ ‘నీరు సముద్రానికి పోయే దారి’ అనే శీర్షిక కిందికి చేర్చి, పక్కన రికార్డింగు నిమిషం వేస్తారు. ‘ఐదడుగుల కౌంటరు’ అని పడితే నవ్వి వదిలేయరు. మళ్లీ విని ‘కాంటూరు’ అని దిద్ది, సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీత అని అర్థం రాస్తారు. సారాంశం రెండే ముక్కలు: 1999లో కొల్లేరు +5 అడుగుల కాంటూరు వరకు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. మాస్టారి చేపల కబుర్లు మాత్రం ఎగిరిపోతాయి, నాకదే కాస్త వెలితి. సరిగా వినబడని అంకె దగ్గర ఊహించరు, ప్రశ్నార్థకం పెడతారు. ఒక్క ప్రశ్నార్థకమూ లేని నోట్సు చేతికొస్తే, పరీక్షకు ముందు రికార్డింగుతో సరిచూసుకోండి.