ఎదురుప్రశ్న వేస్తే వెళ్లిపోతున్నారా?

"బిల్లు ఎక్కువొచ్చింది."

కరెంటు బిల్లుల సందేహాలు తీర్చే చాట్‌కి పదేపదే వచ్చే మాట ఇది. చాలామంది అంతకుమించి ఒక్క ముక్క రాయరు. కారణాలేమో బోలెడు. ఎండాకాలం ఏసీ తిరిగి స్లాబ్ మారి ఉండొచ్చు. వాడకం ఎప్పట్లాగే ఉండి పాత బకాయో, ఏసీడీ పేరుతో అదనపు డిపాజిట్టో కలిసి ఉండొచ్చు. అందుకే చాట్ ఒక ఎదురుప్రశ్న వేస్తుంది: "యూనిట్లు పెరిగాయా, లేక యూనిట్లు అంతే ఉండి డబ్బు పెరిగిందా?" కొందరు జవాబిస్తారు. కొందరు మళ్లీ కనిపించరు.

చాట్ ఎన్నిసార్లు ఇలా అడుగుతోంది, అడిగాక ఎంతమంది వెళ్లిపోతున్నారు అన్నది లెక్కగట్టడం నా పనిలో భాగం. వినడానికి రెండు కూడికలూ ఒక భాగహారమూ అనిపిస్తుంది. కానీ ఆ లెక్క చూసే చాట్‌ని మారుస్తారు. లెక్క వంకరగా ఉంటే మంచి ప్రశ్నలే ముందు పోతాయి.

మొదటి చిక్కు, ఏది ఎదురుప్రశ్న అన్నదే. ప్రశ్నార్థకాలను లెక్కపెడితే పని జరగదు. "ఇంకేమైనా సాయం కావాలా?" అన్నదానికి గుర్తు ఉంది గానీ అది మర్యాద మాట. "సర్వీస్ నంబర్ పంపండి" అన్నదానికి గుర్తు లేదు గానీ అసలైన ప్రశ్న అదే. తెలుగులో ఎన్నో ప్రశ్నలు ఇలా 'చెప్పండి', 'పంపండి' రూపంలోనే వస్తాయి. అందుకని కొన్ని వందల సంభాషణలను ఇద్దరు మనుషులు విడివిడిగా చదివి గుర్తులు పెట్టాలి. మేం పెట్టుకున్న పరీక్ష ఒక్కటే: దీనికి జవాబు రాకపోతే చాట్ ముందుకు వెళ్లలేదా? వెళ్లలేకపోతే అది ఎదురుప్రశ్న. ఇద్దరి గుర్తులూ ఎక్కడ కలవలేదో అక్కడ కూర్చుని నియమాన్ని సరిచేసుకుంటాం. ఆ తర్వాతే మిగతా లాగ్‌ను యంత్రానికి అప్పగిస్తాం.

రెండోది, వెళ్లిపోవడం అంటే ఏమిటి? వెబ్‌సైట్ల లెక్కల్లో ముప్ఫై నిమిషాలు కదలిక లేకపోతే ఆ సెషన్ ముగిసినట్టు తీసుకునే అలవాటు ఎప్పటినుంచో ఉంది. చాట్‌కి అది ఇరుకు. సర్వీస్ నంబర్ అడిగినప్పుడు మనిషి ఆఫీసులో ఉంటాడు, బిల్లు ఇంట్లో ఉంటుంది. రాత్రి ఇంటికెళ్లి నంబర్ పంపుతాడు. ముప్ఫై నిమిషాల గీత గీస్తే అతను పారిపోయినవాళ్ల ఖాతాలో పడతాడు. అందుకే గీత గీయకముందే జవాబులు ఎంత ఆలస్యంగా వస్తున్నాయో ప్రశ్న వారీగా చూడాలి. యూనిట్ల ప్రశ్నకు నిమిషాల్లో వస్తే, నంబర్ ప్రశ్నకు మర్నాటిదాకా రావచ్చు. ఇంకోటి, లాగ్ తీసిన రాత్రి పదింటికి ప్రశ్న అందుకున్నవాడిని ఆ రాత్రే 'వెళ్లిపోయాడు' అని రాయకూడదు. అతనికివ్వాల్సిన గడువు ఇంకా పూర్తి కాలేదు.

ఇక అసలు అన్యాయానికి వస్తాను. ప్రశ్న తర్వాత మాట్లాడకపోతే అది చాట్ వైఫల్యంగా నమోదవుతుంది. జవాబు తర్వాత మాట్లాడకపోతే పని అయిపోయిందని నమోదవుతుంది. ఏసీడీ వల్ల బిల్లు పెరిగిన మనిషికి "మీ వాడకం పెరిగింది, ఏసీ తగ్గించండి" అని తప్పు జవాబిస్తే అతను విసిగి వెళ్లిపోతాడు, లెక్కలో అది విజయం. సరైన ప్రశ్న వేస్తే పరాజయం. పైగా చాట్ ప్రశ్న వేసేదే గజిబిజిగా ఉన్న విన్నపాలకు. అడిగిన సంభాషణలనూ అడగని సంభాషణలనూ పక్కపక్కన పెట్టి "అడిగిన చోట ఎక్కువమంది వెళ్లిపోయారు" అంటే, కష్టమైన కేసుల్లో కష్టం ఎక్కువ అని చెప్పినట్టే.

దీనికి నేను నమ్మే దారి నాణెం ఎగరేయడం. చాట్ ఎదురుప్రశ్న వేయబోతున్న క్షణంలో ఆపి, సగం మందికి ప్రశ్నను పంపాలి. మిగతా సగానికి ప్రశ్న దాచి, చాట్ ఊహకు అందిన మంచి జవాబు పంపాలి. దాచిన ప్రశ్నను కూడా లాగ్‌లో రాసుకోవాలి. నాణెం సందేశానికోసారి కాదు, మనిషికోసారి ఎగరేయాలి. లేకపోతే ఒకే మనిషికి పొద్దున ప్రశ్న, సాయంత్రం ఊహ ఎదురై రెండు గుంపులూ కలిసిపోతాయి.

వెయ్యి మంది అనుకుందాం, అటు 500, ఇటు 500. ప్రశ్న వేసిన 500లో 150 మంది జవాబివ్వలేదు. ముప్ఫై శాతం అనగానే మీటింగ్‌లో కంగారు మొదలవుతుంది. ఇప్పుడు రెండు గుంపులకూ ఒకే కొలత పెట్టండి: రెండు రోజుల్లో అదే బిల్లు గురించి మళ్లీ చాట్‌కి వచ్చి మొదటినుంచి అడిగినవాళ్లు, లేదా కాల్ సెంటర్‌కి ఫోన్ చేసినవాళ్లు ఎంతమంది? ప్రశ్న గుంపులో 90, ఊహ గుంపులో 160 వచ్చారనుకోండి. జవాబివ్వనివాళ్లు అంతమంది ఉన్నా, ప్రశ్న వేసిన గుంపులోనే సమస్య ఎక్కువమందికి తీరిందని అనుకోవచ్చు. ఇక్కడ భాగించాల్సింది 500తోనే. జవాబిచ్చిన 350 మందినే తీసుకుని ప్రశ్నను మెచ్చుకోవడం ఆ 150 మందిని మాయం చేయడమే. అయితే మళ్లీ రాకపోవడమూ పూర్తి సాక్ష్యం కాదు. లైన్‌మన్‌ని అడిగి తెలుసుకున్నవాడు ఏ లాగ్‌లోనూ కనిపించడు. కానీ అలాంటివాళ్లు రెండు గుంపుల్లోనూ ఉంటారు కాబట్టి, ఆ రెండు గుంపులనూ పోల్చవచ్చు.

సెర్చ్ ఇంజిన్ల అనుభవాన్ని నేరుగా ఇక్కడికి తెచ్చుకోలేం. బింగ్‌లో జనం చూసిన స్పష్టీకరణ ప్రశ్నలూ వాటిమీద పడిన క్లిక్కులూ 2020లో 'మిమిక్స్' పేరుతో పరిశోధకులకు అందాయి. విలువైన సరుకే. కానీ అక్కడ ప్రశ్న కిందే ఫలితాలూ ఉంటాయి, ప్రశ్నను వదిలేసినా మనిషికి నష్టం లేదు. చాట్‌లో జవాబు ఉండాల్సిన చోట ప్రశ్న వస్తుంది. ఇక్కడ వదిలేస్తే ఏమీ దక్కదు.

ఆ 150 మందినీ అంకెగానే వదిలేయడం నాకు ఇష్టం ఉండదు. వాళ్ల సంభాషణలు తెరిచి చదువుతాను. అడిగినది చేతిలో లేక ఆగినవాళ్లు ఉంటారు. ప్రశ్న అర్థంకాక ఆగినవాళ్లు ఉంటారు, అయితే ఇలా అర్థంకానివాళ్లలో చాలామంది ఆ 150లో ఉండరు కూడా, వెళ్లిపోకుండా "బిల్లు ఎక్కువొచ్చింది సార్" అని మొదటి మాటే మళ్లీ రాస్తారు. జవాబొచ్చింది కదా అని లెక్క వాళ్లను ఉన్నవాళ్లలో కలిపేస్తుంది, నిజానికి వాళ్లు ప్రశ్నను వదిలేసినవాళ్లే. వాళ్లకు వేరే గడి ఉండాలి. ఇంకొందరికి ప్రశ్నే జవాబైపోతుంది. యూనిట్లు చూడమనగానే బిల్లు తిప్పి చూసి, డిపాజిట్ వరస కంటపడి, సంగతి అర్థమై ఫోన్ పక్కన పెట్టేస్తారు. చాట్‌లో అది మౌనమే. రెండు రోజుల్లో వాళ్లు తిరిగి రారన్నదే దొరికే ఆనవాలు.

రెండో ప్రశ్న దగ్గర వెళ్లిపోయేవాళ్లు తక్కువగా కనిపిస్తే, ఇంకోటి అడిగినా ఫరవాలేదనే మాట వినిపిస్తుంది. అక్కడిదాకా వచ్చినవాళ్లు మొదటి ప్రశ్నను ఓపికగా దాటినవాళ్లు. రెండో ప్రశ్నకూ వేరే నాణెం ఉండాల్సిందే.

ఇప్పుడు నేను కోరుతున్న మార్పు చిన్నది. సర్వీస్ నంబర్ మొదట అడగొద్దు. యూనిట్ల ప్రశ్నను రెండు బటన్లుగా ఇచ్చి, దాని కిందే "బిల్లులో ఏసీడీ అనే వరస ఉందేమో చూడండి" అని ఒక వాక్యం పెట్టాలి. అప్పుడు ప్రశ్నను వదిలేసినవాడి చేతిలో కూడా ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని పాత ప్రశ్నతో పక్కపక్కన, మనిషికోసారి నాణెం ఎగరేసి నడపాలి. నెలంతా నడపాలి, ఎందుకంటే బిల్లులు వచ్చే వారంలో అడిగేవాళ్లు వేరు, కట్టే గడువు దాటాక అడిగేవాళ్లు వేరు.