తలంబ్రాల షాటులో లేని ఫ్రేములు

సెకనుకు 25 ఫ్రేములతో తీసిన షాటును నాలుగో వంతు వేగానికి తగ్గిస్తే, తెర మీద కనబడే ప్రతి నాలుగు బొమ్మల్లో ఒక్కటే కెమెరా తీసింది. మిగతా మూడూ ఎడిటింగ్ గదిలో పుట్టాలి. ప్రీమియర్ ప్రో మెనూలో దీనికి మూడు మార్గాలు కనబడతాయి: Frame Sampling, Frame Blending, Optical Flow. మొదటిది కొత్త బొమ్మ ఏదీ పుట్టించదు, ఉన్న ఫ్రేమునే మళ్లీ మళ్లీ చూపిస్తుంది. కదలిక గంతులు వేస్తుంది గానీ అందులో అబద్ధం లేదు. హాంకాంగ్ దర్శకుడు వాంగ్ కార్ వాయ్ 1994లో వచ్చిన 'చుంకింగ్ ఎక్స్‌ప్రెస్'లో తక్కువ వేగంతో తీసి, ఒక్కో ఫ్రేమునూ పలుమార్లు ప్రింటు చేయించి ఆ గంతులనే అందంగా మలిచాడు. అంతటి కన్ను ఉన్నవాళ్లకు ఇక మిగతా రెండు మార్గాలతో పనే లేదు.

ఫ్రేమ్ బ్లెండింగ్ పని తేలిక. పక్కపక్కన ఉన్న రెండు ఫ్రేములను పాళ్లు వేసి కలుపుతుంది. నాలుగో వంతు వేగంలో మధ్య బొమ్మలకు 75-25, 50-50, 25-75 పాళ్లు పడతాయి. కదలనిది కదలనట్టే ఉంటుంది. కదిలినది మాత్రం రెండు చోట్లా సగం సగం కనబడుతుంది. ఊపిన చేయి రెండు పలచటి చేతులవుతుంది. అది అందరికీ తెలిసిన లోపమే. దానికన్నా చికాకు పెట్టేది మరొకటుంది. అసలు ఫ్రేము పదునుగా, కలిపినది మెత్తగా ఉండటంతో సగం వేగంలో బొమ్మ ఒకటి విడిచి ఒకటి మెత్తబడి అదురుతున్నట్టు ఉంటుంది. రెండు ఫ్రేములను సమంగా కలిపితే గ్రెయిన్ దాదాపు 30 శాతం తగ్గుతుంది. అందుకే చీకటి షాట్లలో నీడలు కూడా ఈ లయలోనే మినుకుమినుకుమంటాయి. ఎడిటర్‌కు అంతుపట్టని ఆ అదురుకు కారణం చాలాసార్లు ఇదే.

ఆప్టికల్ ఫ్లో మధ్య బొమ్మను లెక్కగట్టి గీస్తుంది. మొదటి ఫ్రేములోని ప్రతి పిక్సెల్ రెండో ఫ్రేములో ఎక్కడికి చేరిందో వెతికి, ఆ దూరంలో కావలసిన మేరకు జరుపుతుంది. హార్న్-షుంక్, లూకస్-కనాడే జంటలు 1981లో వేసిన పునాదుల మీదే ఈ విద్య పెరిగింది. దీనికి ఆధారం రెండు నమ్మకాలు: కదిలిన వస్తువు వెలుగు మారదు, పక్కపక్క పిక్సెళ్లు ఇంచుమించు కలిసే కదులుతాయి. ఈ రెండూ నిలిచిన చోట ఫలితం కళ్లు చెదరగొడుతుంది. 1999 నాటి 'ది మ్యాట్రిక్స్'లో తూటాలు తప్పించుకునే షాటును చూడాలి. వరుసగా పేర్చిన వంద పైచిలుకు స్టిల్ కెమెరాలు తీసిన బొమ్మల మధ్య ఖాళీలను కంప్యూటరే నింపింది. ఆ బృందం తెలివి మరోచోట ఉంది. నటుణ్ణి గ్రీన్ స్క్రీన్ ముందు తీసి, నేపథ్యాన్ని వేరుగా తయారుచేసుకున్నారు. మనిషి పక్కకు జరిగినప్పుడు వెనక బయటపడే గోడ ఒక ఫ్రేములో ఉంటుంది, మరో ఫ్రేములో ఉండదు. దానికి జోడీ దొరక్క సాఫ్ట్‌వేర్ తడబడుతుంది. మనిషి అంచుల చుట్టూ గోడ సాగి ముడతలు పడుతుంది. వాళ్లు ఆ చిక్కునే రానివ్వలేదు. ఇదే విద్యతో వేగం తగ్గించే ప్లగిన్ ట్విక్స్‌టర్ రూపకర్తలు పియెర్ జాస్మిన్, పీటర్ లిట్వినోవిచ్‌లకు ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం దక్కింది. దక్కాల్సిందే. విద్య తెలిసినవాళ్ల చేతిలో ఆ పనిముట్టు నిజమైన హైస్పీడ్ కెమెరాతో పోటీ పడుతుంది.

ఇక తెలుగు పెళ్లి వీడియోలో తప్పనిసరి షాటు తలంబ్రాలు. 25 ఫ్రేములతో, 1/50 షట్టరుతో తీశారనుకుందాం. చేతిలోంచి జారిన బియ్యపు గింజ 30 సెంటీమీటర్లు పడేసరికి దాని వేగం సెకనుకు దాదాపు 2.4 మీటర్లు. ఒక ఫ్రేము నుంచి మరో ఫ్రేముకు అది సుమారు 10 సెంటీమీటర్లు దిగిపోతుంది. గింజ పొడవు సెంటీమీటరు కూడా ఉండదు. పైగా షట్టరు తెరిచి ఉన్నంతసేపూ జారడం వల్ల అది గింజలా కాక 5 సెంటీమీటర్ల గీతలా పడుతుంది. అలాంటి గీతలు వందలు, అన్నీ ఒకే పోలిక. ఏ గింజ ఏ గింజగా మారిందో సాఫ్ట్‌వేర్ ఎలా పోల్చుకుంటుంది? దగ్గర్లో ఉన్న మరో గింజను జోడీ అనుకుంటుంది. కొన్ని గింజలు గాలిలో నిలిచిపోతాయి, కొన్ని పైకి ఎగబాకుతాయి. గింజల కదలికను వెనకున్న పెళ్లికూతురి ముఖానికీ అంటగట్టడంతో ఆమె బుగ్గ నీళ్లలో నీడలా అలలాడుతుంది. ఈమధ్య తలంబ్రాల్లో కలిపే థర్మాకోల్ పూసలు తేలిక కాబట్టి గాలికి నెమ్మదిగా దిగుతాయి. వాటి దగ్గర తప్పులు కాస్త తక్కువ.

అదే షాటుకు బ్లెండింగ్ పెడితే గింజలు రెండింతలై పలచబడతాయి. ఎప్పుడూ రాలే గింజలే కనుక చూసేవాళ్లకు అది తప్పుగా తోచదు. కానీ వధూవరుల చేతులు రెండేసి అవుతాయి. అందుకే ఒక షాటుకు ఒకే పద్ధతి అనే పట్టింపు వదులుకోవాలి. క్లిప్పును రెండు లేయర్లుగా పెట్టి, రెండింటినీ ఒకే వేగానికి తగ్గించాలి. కింది లేయరుకు ఆప్టికల్ ఫ్లో, పై లేయరుకు బ్లెండింగ్. పై లేయరులో గింజలు రాలే మేరకు మాత్రమే, అంచులు మెత్తగా ఉన్న మాస్కు గీయాలి. ప్రతి నాలుగో ఫ్రేమూ అసలుది కాబట్టి అక్కడ రెండు లేయర్లూ ఒకటే. అతుకు బాగుందో లేదో ఆ ఫ్రేము మీద తెలియదు. రెండు అసలు ఫ్రేముల నట్టనడుమ ఉన్న ఫ్రేము మీద ఆగి చూడాలి. ఫోటోగ్రాఫర్ ఫ్లాష్ పడిన ఫ్రేము ఉంటే వేగం తగ్గించక ముందే దాన్ని తీసేయాలి. వెలుగు మారదన్న నమ్మకం అక్కడ విరిగిపోయి ముఖాలు చీలికలవుతాయి.

షట్టరు సంగతి షూటింగ్ నాడే చూసుకోవాలి. నాలుగో వంతు వేగంలో గింజ ఒక్కో బొమ్మకు రెండున్నర సెంటీమీటర్లు జరుగుతుంటే, 1/50లో పడిన గీత దానికి రెట్టింపు. ఎంత మంచి ఫ్లో పెట్టినా బొమ్మ అలుక్కుపోయినట్టే ఉంటుంది. 1/100 పెడితే గీత కూడా రెండున్నరకు దిగుతుంది. అంతకన్నా వేగం పెంచితే మన 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే మండపం లైట్లు మినుక్కుమనే ప్రమాదం ఉంది.

ఈ లెక్కలేవీ పట్టకుండా ఆల్బమ్ వీడియో మొత్తానికి 20 శాతం వేగం, ఆప్టికల్ ఫ్లో ఒక్క నొక్కుతో అంటించి 'సినిమాటిక్' అని అమ్మే దుకాణాలు ఊరూరా వెలిశాయి. చేత్తో చెక్కాల్సిన దంతపు దువ్వెనను ప్లాస్టిక్ అచ్చులో పోసినట్టు ఉంది వాళ్ల పని. మంగళసూత్రం ముడి వేస్తున్న వేళ్లు ఒకదానిలోకి ఒకటి కరిగిపోతున్నా, వెనక పందిరి గళ్లు మెలికలు తిరుగుతున్నా డెలివరీకి ముందు ఒక్కసారి ఆపి చూసేవాడు లేడు. డబ్బిచ్చిన ఇంటివాళ్లకు ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది, ఏమిటో చెప్పలేరు. బ్లెండింగ్ తప్పు కంటికి కనబడి తానే పట్టుబడుతుంది. ఫ్లో తప్పు ముఖంలో దాక్కుంటుంది. చేతగానివాడి చేతిలో రెండోదే ఎక్కువ చేటు. మాస్కు గీసే ఓపిక లేనివాళ్లు సగం వేగం దగ్గరే ఆగిపోవడం మంచిది. ఆ ఓపిక ఉన్నవాళ్లు కూడా తలంబ్రాల పళ్లెం వచ్చేలోపు కెమెరాను 100 ఫ్రేములకు మార్చుకోవాలి. ఇప్పటి కెమెరాలు చాలావాటిలో ఆ సదుపాయం ఉంది.