తొగరు చీర వెనకవైపు

పిల్లలూ, మీకు పట్టాలు ఇచ్చేశారు. నా దగ్గర మిగిలింది ఈ పాత చీర ఒక్కటే. అదీ చూసి తిరిగిచ్చేయాలి.

అరకులో ఎక్కే కిరండూల్ రైలు కోరాపుట్ దాటి, జయపురం కూడా దాటాక కోట్‌పాడ్ వస్తుంది. అక్కడి మిర్గాన్ నేతగాళ్ళ మగ్గం మీద పుట్టింది ఇది. ఈ కొండల ఆడవాళ్ళ ఒంటి మీద పెరిగింది.

ముందు ముక్కుతో చూడండి. మడతల్లో ఇంకా కాస్త ఆముదం వాసన మిగిలింది. నూలు చిలపల్ని ఆముదంలో, ఆవుపేడలో, బూడిద నీళ్ళలో పిసికి, ఆరేసి, మళ్ళీ పిసికి, వారాల తరబడి బతిమాలితేనే తొగరు వేరు రంగుని నూలు ఒంటబట్టించుకుంటుంది. మన భాషలో చెట్టూ తొగరే, ఎరుపూ తొగరే. చేత్తో పిసికి పట్టించిన రంగు కాబట్టి ఈ ఎరుపు ఎక్కడా ఒక్క తీరున ఉండదు. ఇదిగో, కొంగుకి జానెడు ఇవతల, ఒక చిలప అయిపోయి ఇంకోటి అందుకుంది. సాయంత్రపు మట్టి రంగు కాస్తా పొద్దుటి మట్టి రంగయింది. దాన్ని లోపం అన్నవాళ్ళకి మార్కులు తగ్గించాను, గుర్తుందా?

ఇప్పుడు నల్ల చారలు చూడండి. అదే తొగరులో అన్నభేది కలిపితే వచ్చిన నలుపు. ఎరుపు నిబ్బరంగా ఉంది, నలుపు మాత్రం పీలికలవుతోంది. ఇనుము నూలుని లోపల్నుంచి తినేస్తుంది.

భుజం దగ్గర వట్రువగా పలచబడిన చోటుంది, వేలు పెట్టి చూడండి. అక్కడ ముడి పడేది. మరి కింది అంచు? చెక్కు చెదరలేదు. మా అమ్మ చీరలన్నీ మడమల దగ్గరే చిరిగేవి. ఈ చీర మోకాలి దగ్గరే ఆగిపోయింది. కట్టుకున్నావిడ వాలు గట్ల మీద నడిచింది, అంచు నేలని తాకనివ్వలేదు.

ఓసారి ఓ దుకాణంలో కోట్‌పాడ్ అని చెప్పి అంటగడితే మురిసిపోయి కొన్నాను. పీత బుటా చూశాను, చేప బుటా చూశాను, తిరగేయలేదు. ఇంటికొచ్చి తిరగేస్తే వెనక రంగు వెలవెలబోయింది. అంతా అచ్చు! చేత్తో నేసిన పీతకి వెనకా డెక్కలుంటాయి. అదనపు పేక పోగు బొమ్మ అంచుదాకా వెళ్ళి, మెలిక తిరిగి, మళ్ళీ బొమ్మలోకే వస్తుంది. ఆ మెలిక దగ్గర నేతగాడి వేలు ఒక్క క్షణం ఆగింది.

కోట్‌పాడ్ నేతకి భౌగోళిక గుర్తింపు 2005లోనే వచ్చింది. ఆ చీటీ మీ బదులు చీర తిరగేయదు.

మొదటి వరుస, అందుకోండి. వెనకవైపు పైకి పెట్టి, చేతులు తుడుచుకుని.