అంచు దగ్గర వెలుగు లెక్క

ఫైట్ సీన్లో పల్టీ కొట్టేది డూపు, తెర మీద కనిపించాల్సింది హీరో ముఖం. ఆ తల మీద ఈ ముఖాన్ని అతకడం నా పని. కళ్లూ ముక్కూ సరిగ్గా కూర్చోబెట్టడం ఒక ఎత్తయితే, అంచు ఒక్కటే ఇంకో ఎత్తు. నుదురు జుట్టును తాకేచోట సన్నటి మసి గీత మిగిలిందంటే, ఎందుకో చెప్పలేకపోయినా ప్రేక్షకుడి కన్ను అక్కడే ఆగిపోతుంది.

పనిలో చేరిన కొత్తలో ఒక షాట్ ఇచ్చారు. నుదుటి మీద ఎండ, దాన్ని ఆనుకుని నల్లటి జుట్టు. మాస్కు అంచును ఏడెనిమిది పిక్సెళ్ల మేర మెత్తగా చేసి కలిపాను. జుట్టు మొదలయ్యే చోట బురదరంగు గీత పడింది. రెండు ముఖాల రంగూ కుదరలేదనుకున్నాను. ఆ గీత ఉన్నంత మేరా ఇంకో మాస్కు గీసి వెలుగు పెంచాను. గీత పోయింది. కొన్ని ఫ్రేముల తర్వాత డూపు తల పక్కకు తిప్పాడు. నుదుటి వెనకాల జుట్టు తప్పుకుని ఆకాశం వచ్చింది. నేను పెంచిన వెలుగు అక్కడ తెల్లటి తీగలా మెరిసింది. మా సూపర్‌వైజర్ చూసి, "లెక్క తప్పితే రంగు పూశావు నాన్నా. నువ్వు కలుపుతున్న అంకెలేమిటో ముందు చూడు" అన్నారు.

ఆ అంకెల సంగతి ఇది. చీకటి గదిలో ఒక దీపం పక్కన రెండోది వెలిగిస్తే వెలుగు రెట్టింపవుతుంది, కానీ మన కంటికి అంత పెరిగినట్టు అనిపించదు. మసక వెలుగులో చిన్న తేడాను కూడా పట్టే కన్ను, మంచి వెలుగులో అంతే తేడాను పట్టించుకోదు. అందుకే మామూలు 8 బిట్ బొమ్మలో 0 నుంచి 255 వరకున్న మెట్లను వెలుగు కొలత ప్రకారం సమానంగా పంచరు. చీకటి భాగానికి ఎక్కువ మెట్లు ఇస్తారు. గామా అని మేం పిలిచేది ఈ పంపకాన్నే. మన స్క్రీన్లు ఎక్కువగా వాడే sRGB పద్ధతిలో 128 అంటే సగం వెలుగు కాదు, 22 శాతం లోపే. సగం వెలుగుకు అంకె 188.

కెమెరాకు ఈ పంపకంతో పని లేదు. అంచు మీద పడిన ఒక పిక్సెల్లో సగం నుదురు, సగం జుట్టు ఉంటే, సెన్సర్ ఆ రెండింటి నుంచి వచ్చిన వెలుగును కూడుతుంది. అతుకు కెమెరా తీసినట్టు ఉండాలంటే మనమూ వెలుగునే కూడాలి. నేను కలిపింది వెలుగును కాదు, మెట్ల నంబర్లను.

ఆ షాట్‌లో నుదురు సుమారు 200, జుట్టు 40 అనుకోండి. మాస్కు సరిగ్గా సగం ఉన్నచోట నంబర్లను సగటు చేస్తే 120. ఇప్పుడు అదే పని వెలుగులో చేద్దాం. 200 అంటే దాదాపు 0.578 వెలుగు, 40 అంటే 0.021. సగటు 0.299. దాన్ని మళ్లీ మెట్టుగా మారిస్తే 149. నా 120లో ఉన్న వెలుగు 0.188 మాత్రమే. అంటే ఉండాల్సిన వెలుగులో మూడో వంతు పైనే మింగేశాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ ఈ నష్టం ఒకేలా ఉండదు, నుదుటికీ జుట్టుకూ ఎందులో తేడా ఎక్కువుంటే అందులో ఎక్కువ పోతుంది. అందుకే ఆ గీత వట్టి నలుపుగా కాక మురికిగా కనిపించింది.

మరి మెరిసే అంచు? అది చాలాసార్లు సగం సగం దిద్దుబాటు వల్ల వస్తుంది. వెలుగులో కలపాలని తెలిశాక నేను కొన్నాళ్లు ఈ రెండో తప్పు చేశాను. ముఖాన్ని వెలుగులోకి మార్చి, మాస్కుతో గుణించి, ఆ గుణించినదాన్ని అలాగే sRGBకి తిప్పి, అప్పుడు వెనక ఫ్రేము మీద పెట్టేవాణ్ని. అదే పిక్సెల్ తీసుకోండి. 0.578లో సగం 0.289, మెట్టుగా 146. దానికి జుట్టులో సగం 20 కలిపితే 166. రావాల్సింది 149. అంచంతా పలచటి వెలుగు పూత. వెనక ఫ్రేమునూ వెలుగులోకి తెచ్చి, రెండింటినీ అక్కడే కూడి, ఆ తర్వాతే sRGBకి తిప్పాలి. మాస్కుతో గుణించేసిన ముఖానికి రంగు మార్చాల్సి వస్తే ముందు మాస్కుతో భాగించి, మార్చి, తిరిగి గుణించాలి. న్యూక్‌లో Unpremult, Premult నోడ్లు ఉన్నది ఇందుకే.

మాస్కునే వెలుగు అనుకుని మార్చడం ఇంకో తప్పు. మాస్కులోని 0.5 వెలుగు కొలత కాదు, ఈ పిక్సెల్లో సగాన్ని ముఖం కప్పిందని చెప్పే వాటా. దాన్ని బొమ్మలాగే sRGBలోంచి తీస్తే 0.214 అయి ముఖం అంచు తరిగిపోతుంది, sRGBలోకి ఎక్కిస్తే 0.735 అయి ముఖం ఉబ్బుతుంది. మాస్కు ఫైలును తెరిచేటప్పుడు న్యూక్‌లో raw data టిక్ పెట్టడం నాకిప్పుడు అలవాటైపోయింది.

గీత కనిపించినంత మాత్రాన అది గామా తప్పేనని చెప్పలేం. చెంప మధ్యలో చర్మం చర్మంతోనే కలిసేచోట ఒకటి 180, ఇంకోటి 170 ఉంటే, ఎలా కలిపినా 175 చుట్టూనే వస్తుంది. అక్కడ గీత ఉంటే రంగు కుదరలేదనో, మాస్కు అడ్డంగా పడిందనో అర్థం. జుట్టు, నల్ల కాలరు, నీడ లాంటి తేడా ఎక్కువున్న చోట్లే గీత పడి, చెంప మీద లేకపోతే అప్పుడు లెక్కను అనుమానించాలి. నేను నల్లటి పొర మీద తెల్లటి పొర సగం పారదర్శకంగా పెట్టి అంకె చదువుతాను. 188 వస్తే సాఫ్ట్‌వేర్ వెలుగులో కలుపుతోంది, 128 వస్తే నంబర్లను కలుపుతోంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ప్రాజెక్ట్ సెట్టింగుల్లో Blend Colors Using 1.0 Gamma అన్నది ఈ తేడాకే. చాలా ఫేస్ స్వాప్ ప్రోగ్రాములు చివర్లో చేసేది ఈ ఒక్క వరస:

```
out = face*mask + frame*(1-mask)
```

face, frame రెండూ 8 బిట్ బొమ్మలోంచి నేరుగా వచ్చినవైతే బురద గీత ఇక్కడే పుడుతుంది. వాటిని ముందు వెలుగులోకి తెచ్చి, కలిపాక తిరిగి మార్చాలి. మధ్యలో 8 బిట్‌లో మాత్రం దాచకూడదు. వెలుగును 255 సమానమైన మెట్లుగా పంచితే, తిరిగి sRGBకి వచ్చేసరికి 0 తర్వాత నేరుగా 13. జుట్టులోని నీడలన్నీ మెట్లు మెట్లుగా విరిగిపోతాయి. 16 బిట్ ఫ్లోట్ అయినా కావాలి.

వెలుగులోకి మారాక పాత మాస్కు మళ్లీ చూసుకోవాలి. అదే మెత్తదనం ఇప్పుడు చీకటి వైపుకు ఎక్కువ పాకి, ముఖం కాస్త ఉబ్బినట్టు కనిపిస్తుంది. ఆ షాట్‌లో నేను వెలుగు పెంచిన మాస్కును తీసేసి, కలిపే చోటు మార్చి, అంచును ఒక పిక్సెల్ లోపలికి లాగాను. తల తిప్పినప్పుడు నుదుటి వెనక జుట్టున్నా ఆకాశమున్నా ఏ ఫ్రేములోనూ మళ్లీ చెయ్యి పెట్టాల్సిన అవసరం రాలేదు.