సాంచెల మోతలో సంభాషణ: కథను సీన్లుగా మార్చడం

కథలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్లెక్కడ ఉన్నారో, అది పగలో రాత్రో చెప్పకపోయినా నడుస్తుంది. పాఠకుడు మాటల వెంట పోతాడు. స్క్రీన్‌ప్లేలో అది కుదరదు. మొదటి మాటకు ముందే ఒక శీర్షిక రాయాలి: లోపలా బయటా, ఏ చోటు, ఏ వేళ. ఈ మూడూ రాయగానే, అంతవరకూ కాగితం మీద హాయిగా సాగిన సంభాషణలో కొన్ని మాటలు అక్కడ అనడానికి వీలు లేనివని తేలిపోతుంది. కథను సీన్లుగా మార్చే పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే. పేర్లు ఎక్కడ పెట్టాలి, అంచులు ఎంత వదలాలి అన్నవి ఒక పూటలో వచ్చేస్తాయి. సీను శీర్షిక అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడానికే ఎక్కువ కాలం పడుతుంది.

తెలుగులో దీనికి మంచి ఉదాహరణ ఉంది. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథను మృణాల్‌సేన్ 1977లో ‘ఒక ఊరి కథ’గా తెలుగులో తీశాడు. మూలకథ మొదట్లోనే తండ్రీకొడుకులు గుడిసె వాకిట్లో ఆరిపోయిన నెగడు ముందు కూర్చుని ఉంటారు. లోపల కోడలు నొప్పులు పడుతూ ఉంటుంది. ప్రేమ్‌చంద్ ఒకే వాక్యంలో బయటినీ లోపలినీ చెప్పేశాడు. దాన్ని సీనుగా రాయాలంటే ఒక నిర్ణయం తప్పదు. ‘బయట’ అని శీర్షిక పెడితే ఆమె కనపడదు, అరుపు మాత్రమే వినిపిస్తుంది. ‘లోపల’ అని పెడితే మగవాళ్లిద్దరూ గోడ అవతలి గొంతులవుతారు. ఒక్క పదంతో ఎవరి వైపు నిలబడి చూస్తున్నామో మారిపోతుంది.

ఈ పనిని సూరత్‌లోని తెలుగువాళ్ల నేపథ్యంలో చూద్దాం. తెలంగాణ జిల్లాల నుంచి, ముఖ్యంగా పద్మశాలి కుటుంబాల నుంచి, సూరత్ మరమగ్గాల మీదికి వలస వెళ్లినవాళ్లు తరాలుగా లింబాయత్ లాంటి పేటల్లో ఉంటున్నారు. నగరపాలక సంస్థ అక్కడ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. సిరిసిల్లలో లాగే వీళ్లకూ మరమగ్గం అంటే సాంచె. ఈ వ్యాసం కోసం అక్కడి బతుకు మీద ఒక చిన్న కథాభాగం రాశాను:

‘రాత్రి షిఫ్టు సగంలో శ్రీనివాస్ వచ్చాడు. “ఊరి నుంచి ఫోనొచ్చింది బావా. అమ్మకు బాగలేదట. రేపటి నవజీవన్‌కు పోతే ఎల్లుండికి వరంగల్‌ల దిగుతం” అన్నాడు దిగులుగా. “పొద్దున మాట్లాడుదం” అన్నాడు నర్సయ్య. మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఇంకా తీరలేదని అతనికి గుర్తొచ్చింది. ఇంటికి వచ్చాక లక్ష్మి తలుపు తీస్తూనే, ఎప్పుడు బయల్దేరుదామని అడిగింది. అతను జవాబు చెప్పలేదు.’

కథగా ఇందులో లోపమేమీ లేదు. ఇప్పుడు మొదటి శీర్షిక రాయండి: లోపల, సాంచెల కార్ఖానా, రాత్రి. ఆ షెడ్డులో అడుగుపెట్టినవాళ్లెవరికైనా ఇబ్బంది వెంటనే తెలుస్తుంది. సాంచెలు నడుస్తుంటే పక్క మనిషి మాట వినపడదు. అక్కడ పనిచేసేవాళ్లు సైగలతో, పెదవుల కదలికతో సగం మాట్లాడుకుంటారు. మిగతా సగం చెవిలో అరుస్తారు. శ్రీనివాస్ మూడు వాక్యాలు దిగులుగా పలకడం అక్కడ జరిగే పని కాదు. ఒక్క ముక్క అరవగలడు. ఏ ముక్క? నాకైతే ‘అమ్మకు బాగలేదట’ అన్నదే. ఫోనొచ్చిందన్న సంగతి అతని చేతిలోని ఫోను చెబుతుంది. ప్రయాణం మాట ఇంటికి పోయాక వస్తుంది.

నర్సయ్య జవాబు కూడా మారాలి. అతనికి కూలి మీటర్ల లెక్కన వస్తుంది. పోగు తెగి సాంచె ఆగితే ఆ మేరకు కూలి పోతుంది. అందుకని ‘పొద్దున మాట్లాడుదం’ అని నోటితో అనిపించక్కర్లేదు. అతను శ్రీనివాస్‌ను చూసి, తల ఊపి, తెగిన పోగు వైపు తిరిగితే చాలు. మాట ఒకటి పోయింది, కానీ దాని అర్థం అక్కడే ఉంది.

రెండో శీర్షిక దగ్గర కథ దాచిన ఇంకొకటి బయటపడుతుంది. ‘ఇంటికి వచ్చాక’ అని కథ అంటుంది, వేళ చెప్పదు. సీనుకు వేళ కావాలి. సూరత్ సాంచెల మీద పన్నెండు గంటల షిఫ్టు మామూలే. రాత్రి ఎక్కినవాడు దిగేసరికి తెల్లవారుతుంది. అంటే లక్ష్మి తలుపు తీసేటప్పటికి వీధిలో పగటి షిఫ్టువాళ్లు పోతుంటారు, పిల్ల బడికి తయారవుతూ ఉంటుంది. లక్ష్మి ఆ ప్రశ్నను ఇప్పుడు పిల్ల ముందు అడగాలి. నర్సయ్య మౌనం కూడా పిల్ల ముందే. కథలో లేని మూడో మనిషిని ‘ఉదయం’ అన్న ఒక్క పదం గదిలోకి తెచ్చింది.

ఇక రాసే తీరు. మన సినిమావాళ్లు చాలాకాలంగా కాగితాన్ని నిలువుగా రెండుగా విడదీసి, ఎడమ సగంలో కనపడేదీ కుడి సగంలో మాటలూ రాస్తూ వచ్చారు. ఇప్పుడు ఎక్కువ చోట్ల అడిగేది హాలీవుడ్ నుంచి వచ్చిన ఒంటి వరుస పద్ధతి. అందులో శీర్షిక, చర్య కాగితం ఎడమ అంచు నుంచి ఒకటిన్నర అంగుళాల దగ్గర మొదలవుతాయి. మాటలు రెండున్నర అంగుళాల దగ్గర, వాటి పైన మాట్లాడే మనిషి పేరు దాదాపు 3.7 అంగుళాల దగ్గర వస్తాయి. ఈ కొలతలు చేత్తో పెట్టుకోనక్కర్లేదు. మామూలు టెక్స్ట్ ఫైలులో రాస్తే అంచులు వాటంతటవే పడేలా Fountain అనే పద్ధతి ఉంది. జాన్ ఆగస్ట్, స్టూ మాష్విట్జ్ తదితరులు దాన్ని 2012లో తెచ్చారు.

తెలుగులో రాసేవాళ్లు మొదటి రోజే చిక్కుకునేది ఇక్కడ. వరుస మొత్తం ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉంటే Fountain దాన్ని మనిషి పేరుగా గుర్తుపడుతుంది. మన లిపిలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు. కాబట్టి ‘నర్సయ్య’ అని రాస్తే అది చర్యగా పడిపోతుంది, కింది మాట కూడా దానికే అతుక్కుంటుంది. పేరు మధ్యకు జరగకుండా ఎడమ అంచునే కనిపిస్తే ఇదే జరిగిందని అర్థం. మందు ఒక్క గుర్తే: పేరుకు ముందు @ పెట్టాలి. శీర్షిక INT. లేదా EXT. అని మొదలైతే దానికదే గుర్తుపడుతుంది. తెలుగులోనే ‘లోపల’ అని రాయాలంటే ముందు ఒక చుక్క పెట్టాలి.

```
.లోపల. సాంచెల కార్ఖానా - రాత్రి

చెవులు పగిలే మోత. నర్సయ్య (45) తెగిన పోగు ముడేస్తున్నాడు. శ్రీనివాస్ (28), చేతిలో ఫోను, వచ్చి అతని చెవిలో అరుస్తాడు.

@శ్రీనివాస్
అమ్మకు బాగలేదట బావా!

నర్సయ్య అతన్ని చూస్తాడు. తల ఊపి మళ్లీ పోగు అందుకుంటాడు.

.లోపల. నర్సయ్య గది - ఉదయం

లక్ష్మి (38) తలుపు తీస్తుంది. వెనక బడి బట్టల్లో స్వాతి (9).

@లక్ష్మి
తమ్ముడు చెప్పిండు. ఎప్పుడు బయల్దేరుదం?

నర్సయ్య చెప్పులు విడుస్తాడు.

@నర్సయ్య
మేస్త్రీని అడగాలె. అడ్వాన్సు తీరలే.
```

పేరుకూ దాని కింది మాటకూ మధ్య ఖాళీ వరుస ఉండకూడదు, పేరుకు పైన మాత్రం ఉండాలి. ఇంకొక జాగ్రత్త పేరు గురించే. కథలో అతను ఒకచోట నర్సయ్య, ఇంకోచోట బావ. అది కథకు అందం. స్క్రీన్‌ప్లేలో పేరు వరుసలో చివరిదాకా ఒకే పేరు ఉండాలి. మారిస్తే సాఫ్ట్‌వేర్ జాబితాలో ఇద్దరు మనుషులు తేలతారు. ఆ జాబితా పట్టుకుని నటుల రోజులు లెక్కవేసేవాళ్లు తికమకపడతారు. చోటు పేరు కూడా అంతే. ఒక సీనులో ‘నర్సయ్య గది’, మరో సీనులో ‘లక్ష్మి ఇల్లు’ అంటే అవి రెండు వేర్వేరు చోట్లవుతాయి. వరసలు మాటల్లో ఉంటే చాలు: శ్రీనివాస్ ‘బావా’ అనగానే, లక్ష్మి ‘తమ్ముడు’ అనగానే ఎవరు ఎవరికి ఏమవుతారో చూసేవాళ్లకు తెలుస్తుంది.

తెలుగు కథలో ‘అన్నాడు’, ‘అంది’ సాధారణంగా మాట తర్వాత వస్తాయి. పాఠకుడు ముందు మాట విని, ఆ తర్వాత మనిషిని తెలుసుకుంటాడు. కొందరు కథకులు ఆ క్షణకాలపు తెలియనితనాన్ని కావాలనే వాడుకుంటారు. స్క్రీన్‌ప్లేలో పేరు ముందు వస్తుంది కాబట్టి అది పోతుంది. అది కావాలంటే మరో దారిలో తెచ్చుకోవాలి: మనిషి కనపడకముందే గొంతు వినిపించాలి, అంటే ఆ గొంతు తెర బయటిదని పేరు పక్కన రాయాలి. అలా ప్రతి మాటకూ చేయలేం. కథ నిజంగా అక్కడ ఆగితేనే చేయాలి.

‘దిగులుగా’, ‘విసుగ్గా’ లాంటివి మాటకు ముందు కుండలీకరణాల్లో పెట్టే వీలుంది. నేనైతే వాటిలో చాలామటుకు తీసేస్తాను. ‘అమ్మకు బాగలేదట’ అని మగ్గాల మోతలో అరుస్తున్నవాడికి దిగులుగా అనమని చెప్పాల్సిన పని లేదు. మాట ఒకలా ఉండి భావం దానికి ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం ఆ చిన్న వరుస అవసరం.

కథలోని ‘గుర్తొచ్చింది’ ఏమైందో చూడండి. అది లోపలి సంగతి, కెమెరాకు అందదు. దాన్ని అతని గొంతుతో నేపథ్యంలో చెప్పించవచ్చు, కానీ ఇక్కడ అది సోమరి పని. కథలో నర్సయ్య జవాబు చెప్పలేదు. నేను చెప్పించాను. ఎందుకంటే అడ్వాన్సు సంగతి ఎక్కడో ఒకచోట వినపడాలి, అది ఎక్కువగా నొప్పించేది లక్ష్మి అడిగిన చోటే. తన తల్లి కోసం అడుగుతున్న మనిషికి అప్పు జవాబుగా వస్తుంది. దీనితో మూలకథలోని మౌనం పోయింది, అది నష్టమే. మౌనమే ముఖ్యం అనుకునేవాళ్లు ఆ మాట తీసేసి, కార్ఖానా సీనుకు ముందే మేస్త్రీ నోటుపుస్తకంలో నర్సయ్య పేరు ఎదురుగా అంకె రాస్తున్నట్టు ఒక సీను పెట్టుకోవాలి.

ఒక పేజీ ఒక నిమిషం అనే లెక్కను తెలుగుకు నమ్మవద్దు. ఆ లెక్క 12 పాయింట్ల కొరియర్ అక్షరాలకు పుట్టింది. ఆ ఫాంటులో తెలుగు లేదు. మనం వాడే ఫాంటును బట్టి అదే సీను ఎక్కువ తక్కువ పేజీలవుతుంది. గడియారం పెట్టుకుని, చర్యలకు సరిపడా ఆగుతూ పైకి చదవడమే నమ్మదగ్గ కొలత.

సూరత్ కథలో మరొకటి తప్పదు. మేస్త్రీ హిందీలో మాట్లాడతాడు, సేఠ్ గుజరాతీలో మాట్లాడతాడు. కథలో వాళ్లందరి చేతా తెలుగు పలికించినా ఎవరూ అడగరు. సీనులో మాత్రం అక్కడ అసలు ఏ భాష వినపడుతుందో రాయాలి. మేస్త్రీ పేరు కింద కుండలీకరణాల్లో ‘హిందీలో’ అని పెట్టి, నటుడు పలకాల్సిన హిందీ మాటనే తెలుగు లిపిలో రాసి, దాని అర్థం కింద చర్య వరుసలో ఇస్తాను. నర్సయ్య అతనితో సెలవు అడగడానికి తడుముకుంటూ పలికే హిందీని కూడా సరిదిద్దకుండా అలాగే రాస్తాను. ఆ తడబాటు వల్లే మేస్త్రీ అతని మాట పూర్తికాకముందే ‘నహీ’ అనేస్తాడు.