స్వామి స్వీకరించాడా, స్వీకరించాడని రాశారా?

తిరుమల మూలమూర్తి విష్ణువా, శివుడా అని ఒకప్పుడు వివాదం వచ్చింది. రామానుజులు రెండు పక్షాల ఆయుధాలనూ స్వామి ముందు ఉంచి, గర్భగుడి తలుపులు మూయించారు. తెల్లవారేసరికి స్వామి చేతుల్లో శంఖచక్రాలు కనిపించాయి. ఈ కథ అనంతార్యుల పేరున్న వేంకటాచల ఇతిహాసమాలలో ఉంది. దీనిమీద దైవశాస్త్రంలో ఒకరు, మతాధ్యయనంలో ఒకరు పత్రాలు రాస్తే, మొదటి వాక్యంలోనే దారులు చీలతాయి.

దైవశాస్త్రం రాసేవారు సంప్రదాయం లోపల నిలబడి రాస్తారు. అందుకే ‘స్వామి శంఖచక్రాలను స్వీకరించాడు’ అని నేరుగా అంటారు. ఇది భక్తి పొంగి రాసిన మాట కాదు, అక్కడినుంచే కష్టమైన ప్రశ్న మొదలవుతుంది. ఏ లోటూ లేని పరమాత్మ భక్తుడి చేతినుంచి తన ఆయుధాలను ఎందుకు తీసుకోవాలి? సంప్రదాయం రామానుజులను స్వామికే ఆచార్యుడంటుంది. మరి దైవంకన్నా ఆచార్యుడు ఎక్కువా? దీనికి జవాబు శ్రుతితో, దివ్యప్రబంధంతో, పూర్వాచార్యుల వ్యాఖ్యానాలతో పొసగాలి. పొసగకపోతే పత్రం నిలవదు.

మతాధ్యయనం చేసేవారు అదే చోట ‘స్వామి స్వీకరించాడని ఇతిహాసమాల చెబుతోంది’ అని రాస్తారు. కర్త మారింది: దేవుడి స్థానంలో గ్రంథం వచ్చింది. దాంతో ప్రశ్నలూ మారతాయి. ఈ కథను ఎవరు, ఎవరి కోసం రాశారు? ఆలయ పూజా విధానంపై ఎవరి అధికారాన్ని ఇది బలపరిచింది? శైవుల వాదనను వాళ్ల ప్రత్యర్థుల రచనలోనే చదువుతున్నామన్న సంగతి కూడా ఇక్కడ చెప్పి తీరాలి.

1967లో ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో మతాధ్యయన శాఖను స్థాపించిన నినియన్ స్మార్ట్, అధ్యయనం చేసేటప్పుడు దైవం ఉన్నదా లేదా అన్న తీర్పును పక్కన పెట్టమన్నాడు. నా దృష్టిలో ఎక్కువ పత్రాలు తప్పేది ఇక్కడే. ‘ఇతిహాసమాల అల్లిన కట్టుకథ’ అని రాసినవారు తటస్థంగా ఉన్నామనుకుంటారు. కానీ అలా జరగలేదన్న తీర్పు అప్పటికే ఇచ్చేశారు. ‘అమాయక భక్తుల నమ్మకం’ అన్నా అంతే. దీనికి ఎదురు దిశలో జరిగే తప్పు ఇంకొకటి ఉంది. మూడు పేజీలు శాసనాల గురించి రాసి, నాలుగో పేజీలో ‘ఆ విధంగా స్వామి తన స్వరూపాన్ని వెల్లడించాడు’ అంటారు. శాసనం ఆ మాటకు ఆధారం కాలేదు, దాన్ని నిలబెట్టాల్సిన ప్రమాణాలనేమో పత్రంలో ఎక్కడా చర్చించలేదు.

చిత్తుప్రతిలో క్రియాపదాల కింద గీత గీసి చూస్తే ఈ తప్పు పట్టుబడుతుంది. ‘అనుగ్రహించాడు’, ‘వెల్లడించాడు’ వంటి క్రియలకు కర్త ఎవరో, ఆ మాట ఎవరిదో అడగాలి. అలాగని ప్రతి వాక్యానికీ ‘అని నమ్ముతారు’ తగిలించనక్కర్లేదు. అది పదేపదే వస్తే అనుమానంలా వినిపిస్తుంది. ‘ఇతిహాసమాల కథనంలో’ అని ఒకసారి చెప్పి, ఆ పేరా అంతా కథను కథగానే నడపవచ్చు. రాసేవారు స్వయంగా శ్రీవైష్ణవులైనా ఈ పద్ధతి వారి విశ్వాసానికి అడ్డురాదు.